కొత్త బియ్యం, పాత బియ్యం

తెనాలిలో ఓ తండ్రీకొడుకులు తమ కిరాణా కొట్టును ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. సాంబ మసూరి బియ్యం దగ్గర పేచీ వచ్చింది. కొడుకు “ప్రీమియం క్వాలిటీ, మల్లెపువ్వులాంటి అన్నం” అని రాశాడు.

“కొత్త బియ్యమని రాయలేదేంరా?”

“అలా రాస్తే ఎవరు కొంటారు నాన్నా?”

“కొట్లో అయితే ‘ఎసరు తగ్గించమ్మా’ అని నేనే చెప్తాను. పాత బియ్యానికి పోసినట్టు గ్లాసుకు రెండున్నర పోస్తే ఇది ముద్దవుతుంది. రెండు చాలు. ఆన్‌లైన్‌లో ఆ మాట చెప్పేదెవరు?”

కొడుకు కాసేపు ఆలోచించి మార్చాడు: “ఈ ఏటి పంట. గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు. పులిహోరకైతే పాతవి తీసుకోండి.” పక్కనే పాత బియ్యం ధర కూడా పెట్టాడు.

పొగడ్త ఏ బస్తాకైనా అతుకుతుంది. వంటింట్లో పనికొచ్చేది మాత్రం ఆ బస్తాలో ఉన్నదాని సంగతే.