స్నానం పోసే చేతులకు తెలుస్తుంది

కామవరపుకోటలో ఈపాటికి చాలా ఇళ్ళలో నీళ్ళు కాగుతుంటాయి. అమ్మమ్మ కాళ్ళు చాపుకుని, పసిబిడ్డను వాటిమీద పడుకోబెట్టి, నూనె రాసి స్నానం పోస్తుంది. బిడ్డ ఒంట్లో తేడా ముందుగా తెలిసేది ఆ చేతులకే.

నాలుగు నెలలు నిండిన బిడ్డను చంకల కింద పట్టుకుని ఎత్తండి. జారిపోతున్నట్టుందా? మెడ ఇంకా నిలవడం లేదా? కండరాల్లో పట్టు తక్కువేమో. కాళ్ళు బిగుసుకుని ఒకదానిమీదొకటి పడుతున్నాయా? పిడికిలి ఎప్పుడూ మూసే ఉంటోందా? ఏడాదిలోపే ఒక చేయి మాత్రమే వాడుతున్నాడా? సెరిబ్రల్ పాల్సీ ఉందేమో డాక్టరుకు చూపించాలి. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళ విషయంలో, పుట్టగానే ఏడవనివాళ్ళ విషయంలో మరీ జాగ్రత్త.

"మా ఇంట్లో అందరికీ నడక ఆలస్యమే" అని ఆగకండి. పొలం గట్టుమీద నడిచేకొద్దీ బాట పడుతుంది. తొలి రెండేళ్ళలో మెదడూ అంతే. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టి, గిలక్కాయ చూపించి, తల ఎత్తించడం కూడా థెరపీయే. మెదడుకు తగిలిన దెబ్బ దానివల్ల పోదు. కానీ కీళ్ళు బిగుసుకుపోవడం తగ్గుతుంది, కూర్చోవడం, పట్టుకోవడం మెరుగవుతాయి.

ఆశా కార్యకర్తకు చెప్పండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్ష, చికిత్స ఉచితం. జబ్బు పేరు తేలేదాకా ఆగొద్దు. అనుమానం వచ్చిన వారంలోనే చూపించండి.