మొహమాటం ఖర్చు ఎవరిది?

కూరగాయల బండి దగ్గర మనమెంత గట్టివాళ్ళమో, మన పనికి మనమే ధర చెప్పాల్సి వచ్చేసరికి అంత మెత్తబడిపోతాం. కిలో వంకాయల మీద ఐదు రూపాయలు తగ్గించమని పావుగంట వాదించగల ఇల్లాలే, "రాసిపెట్టడానికి ఎంత తీసుకుంటారండీ?" అని ఎవరైనా అడిగితే, "అబ్బే, దానికేముందండీ, మీ ఇష్టం" అనేస్తుంది. ఆ మాటలో వినయం ఉందనుకుంటాం. ఉన్నది మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత మనకొకటుంది. మీకందరికీ తెలుసు గనక ఇక్కడ రాయను!

ఇంట్లో కూర్చుని రాసే పని ఈమధ్య చాలామంది చేతికి వస్తోంది. చీరలమ్మేవాళ్ళూ, పచ్చళ్ళమ్మేవాళ్ళూ తమ వెబ్‌సైట్ల కోసం నెలకి నాలుగు బ్లాగు వ్యాసాలు కావాలంటారు. ఉద్యోగం కాదు, జీతం లేదు. వ్యాసానికి ఇంత అని. మరి ఎంత అడగాలి? వాళ్ళు మార్చమన్నప్పుడల్లా మార్చాలా? ఇవి లెక్కల ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, కాస్త లోతుకి వెళితే న్యాయాన్యాయాల ప్రశ్నలే.

ఉదాహరణకి ఒకావిడ ఉందనుకుందాం. బి.ఏ. చదివింది, చేతిలో మంచి తెలుగుంది. ఉప్పాడ జాందానీ చీర కొనేటప్పుడు ఏం చూసుకోవాలో ఎనిమిది వందల మాటల్లో రాసివ్వమని ఒక చీరల వ్యాపారి అడిగాడు. ఆవిడకి వెంటనే తట్టే ఆలోచన, "రాయడానికి మూడు గంటలు పడుతుంది కదా" అని. కానీ రాయడం పనిలో ఒక ముక్క మాత్రమే. నేతవాళ్ళని అడిగి, చీర తిరగేసి చూసి, బుటా వెనకవైపు కూడా దాదాపు ముందున్నట్టే ఎందుకు కనిపిస్తుందో తెలుసుకోవడానికి రెండు గంటలు. ఏది ముందు, ఏది వెనక అని చిన్న చట్రం వేసి వ్యాపారికి చూపించడానికి అరగంట. రాయడానికి మూడు. మర్నాడు తాజా కళ్ళతో చదివి దిద్దుకోవడానికి ఒకటి. ఆయన చెప్పిన సవరణలకి ఒకటి. బిల్లు పంపి, డబ్బు గుర్తు చేయడానికి అరగంట. మొత్తం ఎనిమిది గంటలు.

ఇక గంట ధర. నెలకి పద్ధెనిమిది వేలు చేతికి రావాలని ఆవిడ ఆశ. ఇంటర్నెట్టు, ఫోను, కరెంటు, ఎప్పుడో ఒకప్పుడు పాడయ్యే ల్యాప్‌టాప్ కోసం దాచేది, అన్నీ కలిపి రెండు వేలు. అంటే ఇరవై వేలు. నెలకి వంద గంటలు కూర్చోగలదు. అందులో ఇరవై గంటలు కొత్త పని వెతుక్కోవడానికీ, కుదరని బేరాలకీ పోతాయి. మిగిలింది ఎనభై. ఇరవై వేలని ఎనభైతో భాగిస్తే గంటకి 250 రూపాయలు. ఎనిమిది గంటలకి రెండు వేలు. ఈ అంకెలు ఆవిడవి. మీవి వేరుగా ఉంటాయి, ఉండాలి కూడా. కానీ లెక్క వేసే దారి ఇదే.

ఇక్కడే చాలామంది ఒక మాటంటారు. "మా ఆయన జీతం ఉందిగా, ఇది చేతిఖర్చుకే కదా, ఐదొందలిచ్చినా చాలు." చూడ్డానికి ఎంత నిరాడంబరంగా ఉందో ఆ మాట! కానీ ఎనిమిది గంటల పని ఐదొందలకి చేస్తే మిగతా పదిహేను వందలు ఎవరు భరిస్తున్నట్టు? ఆవిడ ఇల్లు భరిస్తోంది. అంటే ఎక్కడో ఆఫీసులో పనిచేసే భర్త, తనకి తెలియకుండానే, ఆ చీరల వ్యాపారికి నెలనెలా చందా కడుతున్నాడన్నమాట. పైగా ఆ ఐదొందలే ఊళ్ళో ధరగా స్థిరపడితే, వెనక ఏ జీతమూ లేని ఒంటరి మనిషి ఈ పనితో ఎలా బతుకుతుంది? తక్కువకి చేయడం త్యాగమే కావచ్చు. ఆ త్యాగంలో ఇంకొకరి వాటా కూడా ఉందేమో చూసుకోవాలి కదా.

"మాటకింత" అని ధర చెప్పే పద్ధతి కూడా ఉంది. అది ఇంగ్లీషు రాతకి పుట్టిన కొలత. మన భాషకి సరిపోదు. "రాయలేకపోయానని" అన్నది మనకి ఒక్క మాట. అదే సంగతి ఇంగ్లీషులో చెప్పాలంటే ఐదారు మాటలు కావాలి. ఇంగ్లీషు రేటుని తెచ్చి తెలుగు మాటల్ని లెక్కపెడితే, క్లుప్తంగా బాగా రాసినావిడకే జరిమానా పడుతుంది. అంచేత మాటకి కాదు, వ్యాసానికి ఇంత అని చెప్పడమే మేలు. ఎన్ని మాటలన్నది ఉజ్జాయింపుగా చెబితే చాలు.

ధర చెప్పడం ఒక ఎత్తయితే, సవరణల సంగతి ఇంకొక ఎత్తు. "ఇంకొక్కసారి చూడండమ్మా, ఆ మొదలు కాస్త మార్చండి" అని ఒకరంటారు. అది మార్చాక వాళ్ళమ్మాయి చదివి, "ఇంత సీరియస్‌గా వద్దు" అంటుంది. తర్వాత మేనేజరుగారు, "అసలు మంగళగిరి చీరల గురించి రాస్తే బాగుండేది" అంటారు. రెండు సవరణలతో పోవాల్సింది ఆరుకి చేరుతుంది. పైన పడిన నాలుగు సవరణలకీ తలా ఒక గంట పట్టిందనుకోండి. ఎనిమిది గంటల పని పన్నెండవుతుంది. గంటకి 250 అనుకున్నది 166కి దిగుతుంది. ధర ఎవరూ తగ్గించలేదు, కానీ తగ్గిపోయింది!

మరి "రెండుసార్లే దిద్దుతాను" అని ముందే రాసిపెట్టడం కర్కశం కాదూ? చేసే పని మీద ప్రేమ ఉన్న మనిషి లెక్కలు పెట్టుకుంటుందా?

దీనికి సమాధానం మన జాకెట్లు కుట్టే అమ్మాయి దగ్గర ఉంది. కొలత జాకెట్టు ఇచ్చాం. చేతులు బిగుతుగా కుట్టింది. అది తన తప్పు, డబ్బడగకుండా విప్పి కుడుతుంది. ఒకసారి కాదు, సరిపడేదాకా కుట్టాలి. అలా కాకుండా గుండ్రటి మెడ కావాలని చెప్పి, కుట్టాక పక్కింటావిడ జాకెట్టు చూసి పలక మెడ పెట్టమన్నామనుకోండి. అది మన మనసు మారడం. దానికి డబ్బిస్తాం, ఇవ్వాలి కూడా. ఇందులో కర్కశం ఎక్కడుంది? ఎవరి తప్పు ఎవరి మీద పడాలో తేల్చుకోవడమే ఉంది.

రాతలో చిక్కేమిటంటే, కొలత జాకెట్టు ఉండదు. అందుకే ఆ అరగంట చట్రం. వ్యాసంలో ఏమేం ఉంటాయో ఐదారు వాక్యాల్లో రాసి, "సరే" అనిపించుకున్నాకే మొదలుపెట్టాలి. తర్వాత వచ్చే ప్రతి వ్యాఖ్యనీ దాని పక్కన పెట్టి చూస్తే చాలు. చట్రంలో ఉన్నది రాతలో లేకపోయినా, సంగతి తప్పుగా రాసినా, అక్షరదోషాలున్నా, ఆ తప్పు రాసినావిడది. ఎన్నిసార్లయినా ఉచితంగా దిద్దాలి. ఆ దిద్దుబాట్లని లెక్కలో వేసుకోకూడదు. చట్రమే మారుతుంటే అది కొనేవాళ్ళ మనసు మారడం. ఈ రెంటికీ మధ్య ఉండేవి ఉన్నాయి, మాట మెత్తబరచడం, ఒక ఉదాహరణ మార్చడం లాంటివి. రెండు విడతలు వాటి కోసం.

రెండే ఎందుకంటారా? మొదటి విడతలో వాళ్ళు చెప్పవలసింది చెబుతారు. రెండోది అది సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడానికి. చట్రం ఒప్పుకున్న వ్యాసానికి మూడోది కావాలంటే, చాలావరకు కొత్త మనిషో కొత్త ఆలోచనో వచ్చినట్టే లెక్క.

ఇదంతా పేజీలకొద్దీ ఒప్పందం అక్కర్లేదు. క్లయింటుకి పంపే ప్రపోజల్ ఒక చిన్న ఉత్తరంలా ఉంటే చాలు. మనం చెప్పుకున్నావిడ ఇలా రాయవచ్చు.

"నమస్కారమండీ. ఉప్పాడ జాందానీ కొనేవారి కోసం సుమారు 800 మాటల తెలుగు వ్యాసం రాసిస్తాను. దీనికి 2,000 రూపాయలు. సగం మొదలుపెట్టే ముందు, సగం చివరి ప్రతి అందిన వారం లోపల ఇవ్వగలరు. ముందుగా చట్రం పంపుతాను. మీరు సరేనన్నాక ఏడు రోజుల్లో వ్యాసం ఇస్తాను. ఈ ధరలో రెండు విడతల సవరణలు ఉన్నాయి. ఒక్కో విడతకీ మీ అందరి అభిప్రాయాలూ కలిపి, ఒక్కరి ద్వారా, ఒకేసారి పంపండి. నా పొరపాట్లు దిద్దడం ఈ లెక్కలోకి రాదు. రెండు విడతల తర్వాత మార్పులకి గంటకి 250 రూపాయలు. విషయమే మారితే కొత్త ధర చెబుతాను. వ్యాసం అందిన పది రోజుల్లో ఏమీ చెప్పకపోతే ఒప్పుకున్నట్టే భావిస్తాను. ఈ ధర పదిహేను రోజుల వరకు. సమ్మతమైతే ఈ ఉత్తరానికి 'సమ్మతమే' అని జవాబివ్వండి."

అంతే. ఇందులో "ఒక్కరి ద్వారా, ఒకేసారి" అన్న మాటలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ, అవి లేకపోతే విడత అన్నదానికి అర్థమే లేదు. పొద్దున వాట్సాప్‌లో ఒకటి, మధ్యాహ్నం ఫోనులో ఒకటి చెబితే ఎన్ని విడతలయ్యాయో ఎవరు లెక్కపెట్టగలరు? ఫోనులో చెబితే విని, "మీరు చెప్పినవి ఇవే కదండీ" అని రాసి పంపి, మిగతావీ వచ్చేదాకా ఆగి, అప్పుడు పని మొదలుపెట్టాలి. ఇక ఆ చివరి "సమ్మతమే" రాకముందు ఒక్క వాక్యం కూడా రాయకూడదు. జవాబు రాని ఉత్తరం ఒప్పందం కాదు, మన కోరిక మాత్రమే.

వ్యాపారి బేరమాడతాడు. ఆడనివ్వండి, మనమాడమూ? "పన్నెండు వందలకి చేయండమ్మా" అంటే, అదే పనికి ధర తగ్గించడం అబద్ధం కింద వస్తుంది. మొదట చెప్పిన రెండు వేలు ఊరికే చెప్పినట్టవుతుంది. దానికి బదులు పని తగ్గించవచ్చు. "450 మాటలు, సమాచారమంతా మీరే ఇవ్వాలి, ఒక్క విడత సవరణ, 1,250 రూపాయలు" అనవచ్చు. సమాచారం వెతకడంలో గంటన్నర, రాయడంలో గంట, సవరణలో అరగంట తగ్గి, పని ఐదు గంటలకి వస్తుంది. గంట ధర మారలేదు, ఎవరి మర్యాదా పోలేదు.

అయితే న్యాయం రెండువైపులా ఉండాలి సుమండీ. రెండు విడతల హద్దు ఉందికదా అని మొదటి ప్రతి నిర్లక్ష్యంగా ఇవ్వడం మోసమే. ఎనిమిది గంటలనుకున్నది మన అంచనా తప్పి పదయితే, ఆ నష్టం మనదే. చెప్పిన ధరని మధ్యలో పెంచకూడదు. మొదటి మూడు వ్యాసాలకీ ఏ పనికి ఎంతసేపు పట్టిందో పుస్తకంలో రాసుకుని, పెంచాలనుకుంటే తర్వాతి ఉత్తరంలో పెంచుకోవాలి.

మొహమాటంతో ఆరుసార్లు దిద్దిన మనిషి ఆరోసారి ఎలా దిద్దుతుందో ఆలోచించండి. పళ్ళ బిగువున. పైకి "పరవాలేదండీ" అంటుంది, లోపల తిట్టుకుంటుంది. వ్యాసం కూడా మెరుగవదు, మొదట ఉన్న జీవం కాస్తా పోతుంది. ఆ వ్యాపారి చెడ్డవాడేం కాదు. ఎక్కడ ఆగాలో ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే. చెప్పవలసిన మాట చెప్పకుండా దాచుకుని, తర్వాత దాని కోసమే ఎదుటివాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం, ఆయనకి చేసే అన్యాయం కాదూ?