బాల్యస్మృతి – బాలుని గొంతు: భావవిశ్వసనీయత

పెద్దవారి గొంతులో ఉన్న బాల్యస్మృతిని బాలుని గొంతులోకి మార్చి రాసేటప్పుడు సంఘటనలూ భావాలూ మారకూడదన్నది సాధారణ నియమం. నామిని ‘సినబ్బ కతలు’, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ బాల్యాన్ని బాలకథకుని నోట చెప్పించిన రచనలు. అయితే మారకూడని ఆ భావం ఎవరిది? అనుభవించిన నాటి పిల్లవానిదా, తలచుకుంటున్న పెద్దవానిదా?

పొందూరు నేపథ్యంగా ఒక కల్పిత ఉదాహరణను పరిశీలించవచ్చు. అక్కడ ఖాదీ నూలు వడికే స్త్రీలు గింజ తీయకముందే పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. సన్నని పళ్ల వరుస నారను శుభ్రపరచి సాపుచేస్తుంది. ఒక కథకుడు ఇలా రాశాడనుకుందాం: “దవడ విరిచినందుకు అమ్మ నన్ను కొట్టలేదు. నూలు అప్పగించే గడువు దగ్గరపడిన ఆ రాత్రి, ఆమె మౌనంలోని నిస్సహాయత నన్ను అపరాధభావంతో కుంగదీసింది.”

“దవడ విరిగింది. అమ్మ కొట్టలేదు. నాకు బాధేసింది” అంటే మాటలు సులభమయ్యాయి కాని భావం మారింది. ‘విరిచిన’ చోట ‘విరిగింది’ రావడంతో కర్త మాయమయ్యాడు. అపరాధం ఉత్త విచారంగా మిగిలింది. అమ్మ ముక్కలను కొంగున కట్టుకున్నదని చేరిస్తే కరుణ పెరుగుతుంది, కాని జరగని సంఘటన జరిగినట్లవుతుంది. “దవడ నేనే విరిచాను. అమ్మ కొట్టలేదు. ఏమీ అనలేదు. నూలు ఇచ్చేసే రోజు దగ్గరకొచ్చింది. కొట్టినా బాగుండేది” అన్న పాఠం మూలానికి దగ్గరిది. ‘నేనే’ అన్న అవధారణలో, దెబ్బ కోసం ఎదురుచూపులో అపరాధం నిలిచింది.

ఈ పాఠంలో ‘నిస్సహాయత’ లేదు. అది తల్లి మౌనానికి పెద్దవాడు తర్వాత చెప్పుకున్న అర్థం. దానిని పిల్లవాని నోట పెడితే అతనికి లేని జ్ఞానాన్ని ఆపాదించినట్లే. గడువు, మౌనం పక్కపక్కన ఉన్నందున పాఠకుడు దానిని ఊహించగలడు. కాని ఏళ్ల తరువాత మాత్రమే తెలిసిన విషయమైతే ఆ దారి కూడా ఉండదు. అప్పుడు దానిని వదులుకోవాలి, లేదా పెద్దవాని గొంతునే ఉంచాలి.

మాండలికం విషయంలో మరొక నైతిక చిక్కు ఉంది. పెద్దవాని పాఠం శిష్టభాషలో ఉండగా, పిల్లవాని పాఠంలో మాత్రమే ‘ఏటి’, ‘నేదు’ వంటి ఉత్తరాంధ్ర రూపాలు చేరిస్తే ఆ పలుకుబడి పసితనపు గుర్తుగా మారుతుంది. వాస్తవానికి పత్తి దువ్వే తల్లి మాట కూడా అదే. బాలత్వాన్ని చూపవలసింది పలుకుబడిలోని తేడా కాదు, తెలిసినదానికి ఉన్న హద్దు. మాండలికం వాడదలచితే రెండు పాఠాలలోనూ వాడాలి.

కనుక ‘భావం మారకూడదు’ అన్న నియమాన్ని పాటించడానికి ముందు, మూలంలోని ప్రతి భావపదం ఆ రాత్రికి చెందినదా, స్మరణకు చెందినదా అని తేల్చుకోవాలి. మొదటిదానిని పిల్లవాని మాటలో నిలపాలి. రెండవదానిని అతనికి అంటగట్టరాదు.