తొంబది యోజనముల మాట

మాఘమాసము ప్రవేశించినంతనే కోనసీమలోని వైదికులకు తీరిక దొరకదు. ఒకవైపు వివాహముహూర్తములు, మరొకవైపు గృహప్రవేశములు, వీటన్నిటి నడుమ అంతర్వేది శ్రీ లక్ష్మీనృసింహస్వామివారి ఉత్సవములు. మాఘ శుద్ధ దశమి రాత్రి స్వామివారి కల్యాణము, మరునాడు భీష్మైకాదశినాడు రథోత్సవము. రాజోలు వైపునుండి వచ్చు యాత్రికులు మలికిపురము మీదుగా అంతర్వేదికి సాగిపోవుచుందురు. ఇట్టి దినములలో ఒక విద్వాంసుడు మరొక విద్వాంసుని ఇంటికి వచ్చి, "ఈ ఒక్క పని మీరు చూచిపెట్టాలి" అని అడుగుట పరిపాటి. అడుగుటలో దోషము లేదు. చిక్కంతయు చెప్పవలసిన సమాధానములోనే ఉన్నది.

ఒక ఉదాహరణము తీసికొనవచ్చును. మలికిపురమున ఇద్దరు పారాయణకర్తలు ఉన్నారనుకొనుడు. పెద్దవారు ఒక గృహస్థుని ఇంట సప్తమి మొదలు త్రయోదశి వరకు, ఏడు సాయంకాలములు సుందరకాండ పారాయణము చేయుటకు ఒప్పుకొన్నారు. తరువాత అంతర్వేదినుండి వేదపారాయణమునకు పిలుపు వచ్చినది. స్వామి సన్నిధి గనుక దానికిని సరే అన్నారు. ఇప్పుడు చిన్నవారి వద్దకు వచ్చి, "తమ్ముడూ, మా గృహస్థు ఇంట ఈ వారము నువ్వు కూర్చోవాలి" అన్నారు. చిన్నవారు అప్పటికే అదే ఏడు దినములు, గుడిమెళ్ళంకలో మరొకరి ఇంట, ఉదయపు పారాయణమునకు మాట ఇచ్చి ఉన్నారు.

సుందరకాండలో 68 సర్గలు, సుమారు 2800 శ్లోకములు కలవు. పారాయణ విభాగమున సంప్రదాయభేదములున్నను, ఏడు దినములకు పంచుకొన్నచో దినమునకు ఇంచుమించు పది సర్గలు, నాలుగువందల శ్లోకములు వచ్చును. పదచ్ఛేదము చెడకుండ, విసర్గ మ్రింగకుండ చదివినచో సుమారు రెండు గంటలు పట్టును. ఉదయము రెండు గంటలు, సాయంకాలము రెండు గంటలు ఏడు దినములు చదువుట పడుచు కంఠమునకే కష్టము. అరువది దాటినవారికి మూడవ నాడో నాలుగవ నాడో గొంతు బొంగురుపోవును. అప్పుడు జరుగునది వినువారికి తెలియకపోవచ్చును గాని చదువువానికి తెలియును. శ్లోకాంతములు నోటిలోనే అణగిపోవును. రెండు గంటల పారాయణము గంటంబావులో ముగియును. పెదవులు కదలుచుండును, మనస్సు గడియారము మీద ఉండును.

పెద్దవారి మాట కాదనలేక చిన్నవారు, "చూద్దాములెండి, మీరు చెబితే కాదంటానా?" అన్నారనుకొనుడు. తెలుగునాట ఈ 'చూద్దాము' అను మాట చాల సుఖమైనది, చాల ప్రమాదకరమైనది. చెప్పినవాడు దానిని సగము నిరాకరణముగా తలచును. విన్నవాడు పూర్తి అంగీకారముగా మూటకట్టుకొని పోవును. సప్తమినాడు గృహస్థు ఇంట పీఠము వేసి, బంధువులను పిలిచి, నైవేద్యము సిద్ధపరచి ఎదురుచూచుచుందురు. ఈ పని ఒకసారి సంకల్పము చెప్పిన పిమ్మట నడుమ విడువరానిది. మొదటి దినమునకు ముందు మరొకరిని చూచుకొనవచ్చును. నాలుగవ దినమున ఎవరు దొరకుదురు? కనుక మెత్తని మాటవలన నష్టపోవువాడు అడిగిన మిత్రుడు కాడు, చెప్పిన మిత్రుడును కాడు. ఆ మాటల సమయమున అక్కడ లేని గృహస్థు నష్టపోవును.

ఈ సందర్భమున కిష్కింధాకాండ చివరనున్న ఘట్టము స్మరింపదగినది. సంపాతివలన సీతమ్మ జాడ తెలిసినది. వానరులు దక్షిణసముద్రతీరమున కూర్చొని ఉన్నారు. నూరు యోజనముల సముద్రమును ఎవరు దాటగలరని అంగదుడు అడిగినాడు. మొదట ఎవరును పలుకలేదు. పిమ్మట ఒక్కొక్కరు తమ శక్తిని చెప్పినారు. గజుడు పది యోజనములన్నాడు, గవాక్షుడు ఇరువది అన్నాడు. గంధమాదనుడు ఏబది, మైందుడు అరువది, ద్వివిదుడు డెబ్బది, సుషేణుడు ఎనుబది చెప్పినారు. జాంబవంతుడు లేచి, బలియజ్ఞమున త్రివిక్రముడై పెరిగిన విష్ణువునకు తాను ప్రదక్షిణము చేసిన దినములను తలచుకొని, ఇప్పుడు వయస్సు మీరినది, తొంబది యోజనములు మాత్రమే పోగలనని చెప్పినాడు.

ఈ తొంబది అను సంఖ్యను చాలమంది చదివి దాటిపోవుదురు. నూటికి తొంబది అనగా చాల దగ్గర. సభామర్యాదకై, ఉత్సాహమునకై, 'ఎట్లో పోయివత్తును' అనవచ్చును. కాని తొంబది యోజనములు దూకినవాడు లంకలో దిగడు, లంకకు పది యోజనముల ఇవతల సముద్రమున పడును. కొన్ని పనులలో తొంబది పాళ్ల సాయము సాయమే కాదు. పారాయణము అట్టిది. ఐదు దినములు చదివి ఆరవనాడు గొంతు పోయినచో, ఐదు దినముల ఫలము మిగిలినదని గృహస్థుని ఓదార్చుట కష్టము.

అంగదుని మాట ఇంకను సూక్ష్మమైనది. తాను నూరు యోజనములు పోగలడు, తిరిగి వచ్చుట మాత్రము సందేహము. గుడిమెళ్ళంకలో మాట ఇచ్చిన మన పారాయణకర్త స్థితి ఇదియే. సాయంకాలము ఏదో విధముగ చదివివేయవచ్చును. మరునాటి ఉదయము తన సంకల్పమునకు కంఠముతో తిరిగి రాగలడా? అదనపు పని ఎదురైనప్పుడు చేయగలనా అని మాత్రమే చూచుకొందురు గాని, చేసిన తరువాత మన పనికి మనము మిగులుదుమా అని చూచుకొనువారు అరుదు.

శక్తి ఇంత అని తెలిసిన పిమ్మట దానిని చెప్పు రీతి మిగిలినది. దానికి ఆ సుందరకాండలోనే, మొదటినాటి పారాయణములోనే, మైనాకుని కథ కలదు. సాగరుని ప్రేరణచే మైనాకపర్వతము నీటినుండి పైకి లేచి, తన శిఖరముపై విశ్రమింపుమని హనుమంతుని వేడినది. అది పని కోరిన అభ్యర్థన కాదు, ఆతిథ్యము. అయినను కాదనుట కాదనుటయే, అందును ఆప్తుని మాటను కాదనుట. హనుమంతుడు ముందు తాను సంతసించితిననియు, ఆతిథ్యము అందినట్లేననియు చెప్పినాడు. పిదప కాలము త్వరపెట్టుచున్నదనియు, నడుమ ఆగనని ప్రతిజ్ఞ చేసితిననియు చెప్పినాడు. చెప్పి ఊరకే ఎగిరిపోలేదు, చేతితో ఆ పర్వతమును తాకి మరి పోయినాడు. ఆ స్పర్శయే లేకున్నచో మైనాకునికి మిగులునది నిరాకరణము మాత్రమే.

కనుక చిన్నవారు ఆ రాత్రియే, రేపటికి వాయిదా వేయక, ఇట్లు చెప్పినారనుకొనుడు. "అన్నయ్యగారూ, ఇంతమంది ఉండగా మీరు నా దగ్గరకు రావడము నాకు సంతోషము. గుడిమెళ్ళంకలో ఉదయము పారాయణానికి ఇదివరకే మాట ఇచ్చాను. రెండుపూటలా చదివితే రెండుచోట్లా చెడగొడతాను. ఈ ఏడు రోజులూ నావల్ల కాదండి."

ఇందులో జ్వరము లేదు, అత్తవారింటి ప్రయాణము లేదు. కల్పించిన కారణముకంటె కారణము చెప్పకుండుటయే మేలు. మలికిపురము ఎంత ఊరు? జ్వరమని చెప్పినవాడు మరునాడు రాజోలు బస్సు ఎక్కినచో సాయంకాలమునకు ఆ సంగతి పెద్దవారి చెవిని పడును. అప్పుడు పోవునది ఒక పారాయణము కాదు, అంతకుముందు చెప్పిన మాటలన్నిటిమీది నమ్మకము.

పెద్దవారు అంతటితో విడువరు. "పోనీ, మొదటి మూడు రోజులైనా కూర్చో" అందురు. ఇక్కడ చాలమంది తడబడి రెండవ కారణము, మూడవ కారణము వెదకుదురు. ప్రతి కొత్త కారణమునకు ఎదుటివారు ఒక ఉపాయము చెప్పుదురు, మాట బేరమగును. మొదటి కారణమునే అదే స్వరముతో మరల చెప్పి ఊరకుండుట మంచిది.

కాని అసలు బరువైన మాట పెద్దవారి నోట ఇంకొకటి ఉన్నది. "నిరుడు మీ ఇంట ఆశౌచము వచ్చినప్పుడు నీ పని అంతా నేను చూశాను కదయ్యా." ఇది అబద్ధము కాదు, నిష్ఠురమును కాదు, ఋణము. దీనికి చర్రున, "అప్పటి సంగతి వేరు" అనిన మాట పదేండ్లు మానదు. నిజమునకు అప్పటి సంగతి వేరే. ఆశౌచము, వ్యాధి, మరణము కలిగినప్పుడు లెక్కలు పనికిరావు, తన సౌకర్యము పక్కకు నెట్టి నిలబడవలెను. ఇప్పటిది ఆపద కాదు, రెండుచోట్ల మాట ఇచ్చుటవలన వచ్చిన చిక్కు. అయినను ఆ తేడాను చూపువాడు అడిగినవాడు కావలెను గాని అడుగబడినవాడు కారాదు. చిన్నవారు చెప్పదగినది ఇంతే: "మరిచిపోలేదు అన్నయ్యగారూ. ఆ నాడు మీరు లేకపోతే నా మాట పోయేది. ఆ ఋణము చదవలేని గొంతుతో తీర్చుకుంటే మీకే అప్రతిష్ఠ."

పిదప ఏమి? జాంబవంతుడు తన తొంబది చెప్పి కూర్చుండలేదు. అంగదుడు పోదునన్నప్పుడు, సేనకు నాథుడవు, నీవు పంపవలసినవాడవు గాని పోవలసినవాడవు కావని వారించినాడు. తరువాత దూరముగా, మాటాడక కూర్చున్న హనుమంతుని వద్దకు తానే పోయి, ఎదుట నిలిచి, ఆయన జన్మకథను, బలమును ఆయనకే గుర్తుచేసినాడు. ఎదుట నిలిచి అడిగినాడనుట గమనింపదగినది. మనవారు ఇచ్చట ఒక పొరపాటు చేయుదురు. తమ మీది బరువు దింపుకొనుటకై, "రాజోలులో ఫలానావారు ఉన్నారు కదా, వారు కాదనరు" అందురు. ఆ ఫలానావారిని ఎవరును అడుగలేదు. తాను చెప్పలేని 'కాదు'ను అక్కడ లేనివాని నెత్తిన పెట్టుట సాయము కాదు.

చిన్నవారికి అట్టివారు ఎవరును తోచలేదు. కాని పెద్దవారి మొగము చూడగా ఒక సంగతి బోధపడినది. ఆయనను బాధించుచున్నది పారాయణము కాదు, గృహస్థు గుమ్మమున నిలిచి తన మాట తానే వెనుకకు తీసికొనవలసిన సిగ్గు. "పదండి, ఇప్పుడే ఇద్దరమూ వెళదాము. పౌర్ణమి దాటాక మొదలుపెడదామని నేను కూడా అడుగుతాను. అప్పటికి మీరూ వస్తారు, నా ఉదయపు పారాయణమూ అయిపోతుంది. సమాప్తినాడు పట్టాభిషేకసర్గ చదవడానికి నేను వస్తాను" అన్నారు.

ఒక సర్గ. అది ఆయన కంఠమునకు లోబడిన దూరము.

లాంతరు అక్కరలేని కాలమైనను పాత అలవాటుచొప్పున చేతికఱ్ఱ తీసికొని ఇద్దరును కాలువగట్టు వెంట బయలుదేరినారు. గృహస్థు మొదట కొంచెము గొణిగినను, తన అల్లుడు ఆ వారము రాలేనని వ్రాసినాడనియు, పౌర్ణమి పిమ్మట అయినచో అతడును ఉండుననియు లోపలినుండి ఇల్లాలు పలికినది. బహుళ విదియకు మార్చుకొన్నారు. తిరిగి వచ్చునప్పుడు పెద్దవారు దారి పొడవునను అంతర్వేది కల్యాణము సంగతులే చెప్పినారు, పారాయణము ఊసు ఎత్తలేదు. ఏకాదశి దాటిన తరువాత కల్యాణాక్షతలు చిన్న పొట్లముగా కట్టి, చిన్నవారి ఇంటికి తామే తెచ్చి ఇచ్చినారు.