దేవుడి పేరుతో పోయిన డబ్బుని వదిలేయడం భక్తేనా?

శ్రీరామనవమి దగ్గర పడితే మన ఇళ్లలో ఫోన్లు చేతిలోకి వస్తాయి. భద్రాచలం కల్యాణానికి టికెట్లు ఉన్నాయా, రూమ్ దొరుకుతుందా అని వెతుకుతాం. సరిగ్గా ఆ వెతుకులాట దగ్గరే కొందరు కాచుకుని కూర్చుంటారు. డబ్బు పోయాక మనలో చాలామంది అనే మాట ఒకటుంది: "పోనీలే, దేవుడి పేరు మీద పోయింది, ఆయనకే ఇచ్చామనుకుందాం." వినడానికి ఎంతో పెద్దమనసులా ఉంటుంది ఈ మాట. అది నిజంగా భక్తేనా అని ఈ రోజు ఆలోచిద్దాం.

ముందు ఇది ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణగా చూద్దాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒక అమ్మాయి వాళ్ల అమ్మమ్మని భద్రాచలం తీసుకెళ్లాలనుకుంది అనుకోండి. సెర్చ్‌లో పైన యాడ్‌గా వచ్చిన సైటు తెరిచింది. గుడి ఫొటో, స్వామి అలంకారం, "స్పెషల్ ఎంట్రీ" అన్న బటన్, అన్నీ ఉన్నాయి. నొక్కితే వాట్సాప్ తెరుచుకుంది. అవతలి మనిషి చాలా మర్యాదగా, "మేడమ్, ఆన్‌లైన్ కోటా అయిపోయింది, మా దగ్గర మాత్రం నాలుగు మిగిలాయి, అడ్వాన్స్ పంపితే ఆపి ఉంచుతాం" అన్నాడు. క్యూఆర్ కోడ్ పంపాడు. స్కాన్ చేస్తే దేవస్థానం పేరు బదులు ఎవరో ఒక వ్యక్తి పేరు కనిపించింది. "అది మా అకౌంటెంట్ పేరు" అన్నాడు. డబ్బు వెళ్లింది, పీడీఎఫ్ టికెట్ వచ్చింది. మర్నాడు "సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి, దర్శనం అయ్యాక తిరిగి ఇస్తాం" అన్నాడు. అదీ కట్టింది. కొత్తగూడెం దాటి అడవి దారిలో అంత దూరం ప్రయాణించి, గుడి దగ్గర టికెట్ చూపిస్తే అది చెల్లదన్నారు. అప్పటికి వాట్సాప్ నంబర్ స్విచ్ ఆఫ్.

ఇది తిరుపతికి బాగా పాత సమస్య. 2023 ఏప్రిల్‌లో టీటీడీ ఒక నకిలీ వెబ్‌సైట్ మీద ఫిర్యాదు చేస్తే తిరుమల పోలీసులు కేసు పెట్టారు. అంతకుముందే అలాంటివి 40 బయటపడ్డాయి, ఇది 41వది. అప్పట్లో అసలు సైట్ పేరు tirupatibalaji.ap.gov.in. నకిలీ దాని పేరు tirupatibalaji-ap-gov.org. రెండూ పక్కపక్కన పెట్టి మళ్లీ చదవండి. చుక్కల చోట గీతలు పెట్టారు, చివర్లో .org తగిలించారు, అంతే. ఫోన్ స్క్రీన్ మీద హడావుడిలో ఈ తేడా ఎవరికి కనిపిస్తుంది?

అందుకే వెబ్ అడ్రస్‌ని కుడి నుంచి ఎడమకి చదవడం అలవాటు చేసుకోవాలి. https:// తర్వాత మొదటి గీత (/) వచ్చే చోట ఆగి, దానికి ముందున్న చివరి భాగం చూడండి. .gov.in అన్న ముగింపు ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. .org, .com, .in లాంటివి ఎవరైనా డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. పేరు మధ్యలో "gov" అని ఎన్నిసార్లు ఉన్నా లెక్కలోకి రాదు. తాళం గుర్తు ఉంది కదా అంటారా? మీ ఫోన్‌కీ ఆ సైటుకీ మధ్య వెళ్లే సమాచారం భద్రమని మాత్రమే అది చెబుతుంది. అవతల ఉన్నది దొంగ కాదని చెప్పదు. భద్రాద్రి దేవస్థానం సైట్ bhadradritemple.telangana.gov.in. దాన్ని సెర్చ్‌లో వెతక్కుండా మీరే టైప్ చేస్తే సగం ప్రమాదం అక్కడే పోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. మోసపోయినవాళ్లని చూసి "అడ్డదారిలో దర్శనం కావాలనుకున్నారు, అనుభవించారు" అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాట తప్పు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మని ఎండలో నిలబెట్టకూడదనుకోవడం దురాశ కాదు. దేవస్థానమే ధర పెట్టి, అందరికీ చెప్పి అమ్మే టికెట్ కొనడం అడ్డదారీ కాదు. కానీ ఒక గీత ఉంది. "కోటా అయిపోయినా మా దగ్గర ఉంది" అన్న మాట విన్నప్పుడు ఒక్క క్షణం ఆగాలి. అది నిజమే అయితే, మనకి వచ్చేది వరుసలో ముందు నిలబడ్డ ఇంకొకరి వంతు. అబద్ధమైతే, పోయేది మన డబ్బు. రెండు రకాలుగానూ ఆ బేరం మనకి వద్దు. ఈ ఒక్క ఆలోచన చాలా సైట్ల నుంచి మనల్ని కాపాడుతుంది, ఎందుకంటే వాళ్లు అమ్మేదే ఆ మినహాయింపు.

ఇక "దేవుడికే ఇచ్చామనుకుందాం" అన్న మాట. భద్రాచలం కథే దీనికి జవాబు చెబుతుంది. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. గుడి కోసం సర్కారు సొమ్ము ఖర్చు పెట్టాడని తానీషా ఆయన్ని గోల్కొండలో ఖైదు చేశాడు. ఖర్చయింది రాముడి గుడికే కదా, ఆ లెక్క కొట్టేయవచ్చు కదా అని మనకి అనిపిస్తుంది. కానీ జనం చెప్పుకునే కథలో రాముడు లెక్క కొట్టేయలేదు. రామలక్ష్మణులు మారువేషంలో వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి, రసీదు అడిగి తీసుకున్నారు. తన పేరు మీద ఖర్చయిన డబ్బుకి కూడా లెక్క తేలాలన్నాడు ఆ దేవుడు. మరి తన పేరు చెప్పి దొంగ తీసుకున్న డబ్బుని "నాకే ఇచ్చావులే" అంటాడా?

కానుక అంటే మనం తెలిసి, ఇష్టపడి ఇచ్చేది. మోసగాడికి వెళ్లింది కానుక కాదు, అది హుండీలో పడలేదు, అన్నదానానికీ వెళ్లలేదు. దాన్ని కానుక అని పిలిస్తే మన మనసుకి కొంచెం ఊరట దొరుకుతుంది కానీ, అదే క్యూఆర్ కోడ్ రేపు ఇంకో అమ్మమ్మకి వెళుతుంది. క్షమించడం మన చేతిలో ఉంది. అవతలివాళ్లకి జరగబోయే నష్టాన్ని కూడా వాళ్ల తరఫున క్షమించే హక్కు మాత్రం మనకి లేదు.

పైగా ఇందులో సమయం చాలా ముఖ్యం. ఆ డబ్బు ఒక్క ఖాతాలో కూర్చోదు. అద్దెకి తెచ్చుకున్న వేరేవాళ్ల ఖాతాల్లోకి ఒకదాని నుంచి ఒకదానికి మారి, చివరికి నగదుగా బయటికి పోతుంది. వెంటనే 1930కి ఫోన్ చేసి, యూపీఐ లావాదేవీలో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబర్ చెబితే, ఇంకా ఖాతాలో ఉన్నంత మొత్తాన్ని ఆపే అవకాశం ఉంటుంది. cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు పెట్టవచ్చు. చాట్ స్క్రీన్‌షాట్లు, సైట్ అడ్రస్, ఆ నంబర్ డిలీట్ చేయకండి. ఆలస్యమైతే డబ్బు తిరిగి రాకపోవచ్చు. అప్పుడు కూడా ఫిర్యాదు వృథా కాదు, ఆ ఖాతా, ఆ నంబర్, ఆ సైట్ పోలీసుల రికార్డులోకి ఎక్కుతాయి.

సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండా దాచుకునేవాళ్లు ఎక్కువ. "చదువుకున్నదానివి, ఇలా ఎలా మోసపోయావు" అని ఎవరైనా అంటారన్న భయం. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే ఆ మాట అనకండి. ముందు ఫోన్ తీసి 1930 కొట్టండి, యూటీఆర్ నంబర్ వెతికి చేతికివ్వండి. తిట్టడానికి తర్వాత ఎంతైనా టైమ్ ఉంటుంది, డబ్బు ఆపడానికి మాత్రం ఉండదు.