నమ్మకానికి లెక్క ఎందుకు?

పెద్దవాళ్ళ బ్యాంకు ఖాతా మరొకరు నడపడం మన ఇళ్ళల్లో ఎంత మామూలంటే, అందులో ఆలోచించాల్సింది ఉందని కూడా ఎవరికీ తోచదు. ముందు ఏటీఎం కార్డు చేతులు మారుతుంది, వెనకే పిన్ నంబరు, కొన్నాళ్ళకి ఓటీపీలు వచ్చే ఫోను. "మనవాడేగా" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. ఆ మాట చాలా ఇళ్ళల్లో నిజమే కూడా. మరి మనవాడే అయినప్పుడు కాగితం ఎందుకు, లెక్క ఎందుకు? అడగడం అవమానించడం కాదా?

పర్చూరు వైపు ఒక ఊరు అనుకుందాం. 78 ఏళ్ళ రైతు, నాలుగెకరాలు, సగం పత్తి, సగం మిరప. కొడుకు బెంగళూరులో ఉంటాడు. పొలం చూసేది మేనల్లుడు. పెద్దాయన ఖాతాలోకి సీసీఐకి అమ్మిన పత్తి డబ్బు వస్తుంది, గుంటూరు మిర్చి యార్డు నుంచి కమీషన్ వ్యాపారి వేసే డబ్బు వస్తుంది, ఏడాదికి మూడుసార్లు పీఎం కిసాన్ 2,000 వస్తుంది. పక్కన 8 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. మోకాళ్ళు సహకరించక ఆయన బ్యాంకు మెట్లు ఎక్కలేకపోతున్నాడు. బుర్ర మాత్రం పాదరసం.

కార్డూ పిన్నూ ఇచ్చెయ్యడం అన్నిటికన్నా సులువు. కానీ బ్యాంకు దృష్టిలో అక్కడ మేనల్లుడు అనే మనిషే లేడు. ప్రతి విత్‌డ్రాయలూ పెద్దాయనే చేసినట్టు లెక్క. పిన్ తానే ఇంకొకరికి చెప్పి డబ్బు పోగొట్టుకుంటే, బ్యాంకుకి ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా ఖాతాదారే భరించాలని రిజర్వ్ బ్యాంకు 2017లో నిబంధనలు పెట్టింది. మేము సాఫ్ట్‌వేర్ పనిలో ఒకే పాస్‌వర్డు పదిమంది వాడకూడదంటాం. దొంగలుంటారని మాత్రమే కాదు, తప్పు జరిగినరోజు నిర్దోషి తాను చెయ్యలేదని చూపించుకోవడానికి దారి ఉండదని. ఇక్కడా అంతే.

రెండోది, బ్యాంకులో ఇచ్చే అధికార పత్రం. మాండేట్ అంటారు. ఫలానా ఖాతాలో నా తరఫున ఇతను సంతకం చెయ్యొచ్చని పెద్దాయన రాసిస్తాడు, మేనల్లుడి సంతకం నమూనా, గుర్తింపు కాగితాలు బ్యాంకు తీసుకుంటుంది. ఆ అధికారం ఆ ఒక్క ఖాతాకే పరిమితం. వద్దనుకుంటే బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పి రద్దు చేసుకోవచ్చు.

మూడోది పవర్ ఆఫ్ అటార్నీ. స్టాంపు కాగితం మీద రాయించి నోటరీ చేయించడమో రిజిస్టర్ చేయించడమో చేస్తారు. ఇందులో ఖాతాలు, డిపాజిట్లు, అప్పులు, పొలం, కోర్టు పనులు ఏవైనా చేర్చొచ్చు. రాసిన అధికారాలే దక్కుతాయి, రాయనివి ఊహించుకోవడానికి లేదు. అందుకే రాసేవాళ్ళు ఒక పాత నమూనా తీసుకుని "సమస్త అధికారాలు" గుప్పిస్తారు. పాస్‌బుక్కు పని కోసం వెళ్ళిన పెద్దాయన పొలం అమ్మే అధికారం కూడా రాసిచ్చి వస్తాడు. మన పెద్దాయన అవసరానికి మాండేటే ఎక్కువ. మంచానపడి సంతకం పెట్టలేని స్థితి వచ్చినా అటార్నీ తప్పనిసరి కాదు. వేలిముద్ర, అదీ కుదరకపోతే కాలివేలి ముద్ర, ఇద్దరు సాక్షుల ఎదుట తీసుకుని బ్యాంకు డబ్బివ్వొచ్చు. ఆ ఇద్దరిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయ్యుండాలి.

ఈ రెండు కాగితాల వెనకా ఉన్న సూత్రం ఒకటే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మేనల్లుడు పెద్దాయనకి ఏజెంటు. అంటే చెయ్యి అతనిది, బుద్ధి ఆయనది. పాత పాలేరు కూతురి పెళ్ళికి 50,000 ఇవ్వమని పెద్దాయన అన్నాడనుకోండి. తిరిగిరాని డబ్బని మేనల్లుడికి తెలుసు. బెంగళూరు నుంచి కొడుకు ఫోన్ చేసి వద్దంటాడు. అయినా ఇవ్వాల్సిందే. ఏజెంటు యజమాని చెప్పినట్టు నడుచుకోవాలని 211వ సెక్షను. తండ్రి మేలు కోరడం, తండ్రి మాట వినడం ఒకటేనని మనం అనుకుంటాం గానీ ఇలాంటిచోట రెండూ విడిపోతాయి. బుర్ర పనిచేస్తున్నంతకాలం ఆయన తెలివితక్కువ ఖర్చు కూడా ఆయన హక్కే.

మరి బుర్ర మసకబారితే? ఇక్కడే చాలా కుటుంబాలు పొరబడతాయి. ముందుచూపుతో అటార్నీ రాయించాం, నాన్నకి మతిమరుపు ముదిరినా పనికొస్తుందనుకుంటారు. 201వ సెక్షను ప్రకారం యజమాని చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఏజెన్సీ ముగిసిపోతుంది. ఇంగ్లండులో 2005 చట్టం ప్రకారం మతి పోయాక కూడా చెల్లే అటార్నీ ముందుగానే రాసుకోవచ్చు. మనకి అలాంటిది లేదు. బుద్ధి లేనప్పుడు చేతికి ఆజ్ఞ ఎక్కణ్ణుంచి వస్తుందన్నది చట్టం తర్కం. తర్కం సరైనదే, కాకపోతే అవసరం పెరిగిన రోజే కాగితం చచ్చిపోతుంది. ఆ తర్వాత కోర్టుకెళ్ళి సంరక్షకుణ్ణి నియమించుకోవాలి. కోమాలో ఉన్న రోగుల విషయంలో ఇది ఎలా చెయ్యాలో 2019లో శోభా గోపాలకృష్ణన్ కేసులో కేరళ హైకోర్టు మార్గదర్శకాలు ఇవ్వాల్సివచ్చింది.

ఇంకొక చిక్కు. ఏజెంటు అడిగినప్పుడు లెక్క చెప్పాలని 213వ సెక్షను. అడగాల్సింది యజమాని. అడగాలన్న సంగతే ఆయన మరిచిపోయినరోజు ఈ కాపలా కూడా నిద్రపోతుంది. అందుకే లెక్క చూసే రెండో మనిషిని పెద్దాయన తన మతి బాగున్నప్పుడే ఏర్పాటు చెయ్యాలి.

మన ఊరి లెక్కలో ఆ ఏర్పాటు ఇలా ఉండొచ్చు. డిపాజిట్టు, పంట డబ్బు వచ్చే ఖాతా పెద్దాయన చేతిలోనే ఉంటాయి. ఖర్చులకి వేరే ఖాతా, దానికే మాండేటు, నెలకి 25,000 అందులోకి వెళ్తుంది. మిరప కోతలప్పుడు కూలీలకి వారంవారం నగదు కావాలి కాబట్టి ఆ రెండు మూడు నెలలు మొత్తం పెంచాలి. లేకపోతే మేనల్లుడు సొంత డబ్బు వేస్తాడు, తర్వాత సర్దుకుంటాడు, ఎవరిది ఎంతో ఎవరికీ తెలీదు. తగాదాలు ఎక్కువగా మొదలయ్యేది దొంగతనంతో కాదు, ఈ కలగలుపుతోనే. రెండు ఖాతాల స్టేట్‌మెంటూ మూడు నెలలకోసారి కూతురో కొడుకో చూడాలి. ఖాతాకిచ్చిన ఫోను నంబరు మారడం, గడువుకి ముందే డిపాజిట్టు తీసేయడం, నామినీ మారడం, వరసరోజుల్లో ఏటీఎం పరిమితి మేరకు డబ్బు తియ్యడం కనిపిస్తే, ఆరోజే పెద్దాయన్ని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి.

ఖర్చుల ఖాతాని "ఎవరైనా ఒకరు లేదా బతికున్నవారు" పద్ధతిలో జాయింటు చేస్తే మతి తప్పాక కూడా మందులకి డబ్బు ఆడే వీలుంటుంది. ధర కూడా ఉంది. పెద్దాయన పోయాక మిగిలింది బ్యాంకు రెండోవాడికే ఇస్తుంది, మిగతా వారసులకి అది తేల్చి ఇవ్వాల్సింది అతను. కాబట్టి అందులో పెద్ద మొత్తం ఉంచకూడదు.

ఇక అవమానం మాట. "నన్నే లెక్క అడుగుతావా మావయ్యా" అని మేనల్లుడు నొచ్చుకోవచ్చు. యార్డులో ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన కమీషన్ వ్యాపారి దగ్గర కూడా టిక్కీలెన్ని, తూకమెంత, కమీషనెంత అని రాసిన పట్టీ తీసుకునే ఇంటికొస్తాం. దానివల్ల ఆ స్నేహం చెడలేదు, ఇన్నాళ్ళు నిలిచింది. పెద్దాయన పోయాక బంధువులు పదిమందీ చేరినప్పుడు మేనల్లుడి తరఫున మాట్లాడగలిగేది ఆ పట్టీ ఒక్కటే.

చట్టంలో 209వ సెక్షను ఒకటుంది, పెద్దగా ఎవరూ తలచుకోరు. యజమాని చనిపోయినా, మతి తప్పినా ఏజెంటు అధికారం పోతుంది, కానీ తనకి అప్పగించినదాన్ని కాపాడే బాధ్యత వెంటనే పోదు. ఆజ్ఞాపించే గొంతు ఆగిపోయాక కూడా చెయ్యి జాగ్రత్తగా పట్టుకునే ఉండాలన్నమాట. మనవాడు అనే మాటకి నాకు ఇంతకన్నా మంచి అర్థం కనపడలేదు.