దర్గాకి మొదటిసారి వెళ్తున్నారా? గడప దగ్గర తెలుసుకోవలసిన మాట

మన ఆత్మకూరు నుంచి గద్వాల మీదుగా అలంపురం జోగులాంబ అమ్మవారి దర్శనానికి వెళ్ళేవాళ్ళు చాలామందే. అక్కడ గుడి పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. అమ్మవారిని చూసుకుని దర్గాకి కూడా పోదామనుకునేవాళ్ళకి ఒక సందేహం వస్తుంది. "తల మీద గుడ్డ కప్పుకుంటే మన ధర్మం తప్పినట్టు కాదా?"

కాదండీ. దర్గాలో తల కప్పుకోవడం ఆ ఇంటి మర్యాద. చెప్పులు విడవడం కూడా అంతే. మగవాళ్ళకి శుభ్రమైన చేతిరుమాలు చాలు, ఆడవాళ్ళకి కొంగో చున్నీయో చాలు. మోకాళ్ళ పైకి ఉండే నిక్కర్లు, చేతుల్లేని జాకెట్లు వద్దు. గడప తొక్కకుండా దాటండి. ఇది మనకి కొత్తేం కాదు, గుడి గడపకి దండం పెట్టే అలవాటు ఉన్నవాళ్ళమే కదా! బయటికి వచ్చేటప్పుడు సమాధికి వెంటనే వీపు తిప్పకుండా నాలుగడుగులు వెనక్కి నడిచి తర్వాత తిరగండి. చాలా దర్గాల్లో ఆడవాళ్ళని సమాధి గదిలోకి పంపరు. ముందే ముజావర్‌ని అడిగితే గుమ్మం దగ్గర ఇబ్బంది పడక్కర్లేదు. నుదుటి బొట్టు మాత్రం చెరుపుకోనక్కర్లేదని నా అభిప్రాయం. మీరెవరో దాచుకుని వెళ్తే అది గౌరవం ఎట్లా అవుతుంది?

ఇంతవరకు మర్యాద. ఇక్కడి నుంచి నమ్మకం సంగతి. ముజావర్ ఫాతిహా చదువుతుంటే నిశ్శబ్దంగా నిలబడితే సరిపోతుంది. పెదాలు కదిలిస్తూ చదివినట్టు నటించవద్దు. నమ్మనిదాన్ని నమ్మినట్టు చూపిస్తే, నిజంగా నమ్మి పక్కన నిలబడ్డవాళ్ళని చిన్నచూపు చూసినట్టే. ఫాతిహా చదివిన చక్కెర ఇస్తే కుడిచేత్తో తీసుకోండి. తినలేకపోతే "వద్దండీ" అని అప్పుడే నెమ్మదిగా చెప్పండి. తీసుకుని బయట చెట్టుకింద పారేయడం మాత్రం తప్పు. చర్చిలో ప్రభు భోజనం రొట్టె సంగతి వేరు. అది ఆ సంఘంలో చేరినవాళ్ళకి ఇచ్చేది కాబట్టి చూడవచ్చినవాళ్ళు బెంచీలోనే కూర్చోవాలి.

ఇదే లెక్క మన గుడికి వచ్చే ముస్లిం స్నేహితుడికీ వర్తించాలి. మనలో చాలామంది తడబడేది ఇక్కడే. ఆయన చెప్పులు విడిచి, పద్ధతిగా బట్టలు కట్టుకుని, చేతులు కట్టుకుని పక్కన నిలబడితే చాలు. హారతి కళ్ళకద్దుకోకపోయినా, తీర్థం తీసుకోకపోయినా అమ్మవారికి తక్కువ చేసినట్టు కాదు. ఆయన ఒకదానికి తల వంచే విషయంలో తన దేవుడికి జవాబు చెప్పుకోవాలి. "ఏమవుతుందిలే అన్నా, కొంచెం తీసుకో" అని ప్రేమగానే అంటాం. పదిమంది ముందు కాదనలేక ఆయన చెయ్యి చాపుతాడు. అందుకే గుడి మెట్లెక్కకముందే, "లోపల తీర్థం ఇస్తారు, వద్దనుకుంటే చెయ్యి చాపకు, ఎవరూ ఏమనుకోరు" అని ఆయన చెవిన వేయండి. పూజారిగారికీ ఒక మాట చెప్పి ఉంచండి.